రోజుకు యాభై రూపాయల ఫోను

ఎనభై వేల ఫోను ముందు తటపటాయిస్తున్న మనిషికి సేల్స్ కుర్రాడు చెప్పే మాట ఒకటుంది: "నాలుగేళ్లు వాడతారు కద సార్, రోజుకు యాభై రూపాయలే." లెక్క తప్పేమీ కాదు. కాకపోతే సగమే చెప్పాడు.

వస్తువు ధరను దాన్ని వాడే సార్లతో భాగిస్తే ఒక్కో వాడకానికి ఎంత పడుతుందో వస్తుంది. అయితే భాగించాల్సింది బిల్లు మీది ధరను కాదు. పై ఖర్చులు కలపాలి, చివర్లో అమ్మితే వచ్చేది తీసేయాలి. ఫోను 80 వేలు. కవరు, గ్లాసు 2 వేలు. మూడో ఏట బ్యాటరీ నీరసిస్తే మార్పించడానికి 7 వేలు అనుకుందాం. నాలుగేళ్ల తర్వాత ఎక్స్ఛేంజిలో 16 వేలు వస్తాయనుకుంటే నికరంగా అయ్యేది 73 వేలు. 1,460 రోజులకు పంచితే సరిగ్గా 50 రూపాయలు.

ఇప్పుడు పక్క షెల్ఫులో ఉన్న 22 వేల ఫోను చూడండి. కవరుకు వెయ్యి కలిపి, మూడేళ్ల తర్వాత 3 వేలకు అమ్మేస్తే అయ్యేది 20 వేలు. రోజుకు 18 రూపాయలు. మాట్లాడుకోవాల్సింది యాభై గురించి కాదు, ఈ రెంటికీ మధ్య ఉన్న 32 గురించి. కాల్స్, వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్... ఇవన్నీ చవక ఫోనులోనూ నడుస్తాయి. కాబట్టి ఖరీదైన ఫోనును రోజుకు వందసార్లు తీసి చూసినా ఆ వందా లెక్కలోకి రావు. చవకది చేయలేని పని ఏదో, దాన్ని ఎన్నిసార్లు చేస్తారో, ఆ సార్లతోనే అదనపు సొమ్మును భాగించాలి.

మీకు కావలసింది మంచి కెమెరా అనుకుందాం. రాత్రిపూట పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, పిల్లల స్టేజీ డాన్సులు కలిపి ఆ కెమెరా నిజంగా అక్కరకొచ్చే సందర్భాలు నెలకు రెండు. 32 రూపాయల చొప్పున ఏడాదికి 11,680 రూపాయలు అదనం. దాన్ని 24 సందర్భాలకు పంచితే ఒక్కోదానికి దాదాపు 490 రూపాయలు. అంత పెట్టడం సబబేనా అన్నది మీ ఇష్టం. అదే ఫోనుతో రోజూ పాతిక చీరలు ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఆవిడకైతే అది ఒక్కో ఫొటోకు రూపాయిన్నర లోపే. ఆవిడ కొనుక్కోవచ్చు, నన్నడిగితే కొనుక్కోవాలి కూడా.

ఇక నాలుగేళ్లన్న ఆ మాట. మీ పాత ఫోన్లు ఒక్కోటీ ఎన్నాళ్లు చేతిలో ఉన్నాయో గుర్తు చేసుకోండి. రెండేళ్లకే మార్చే అలవాటుంటే, 35 వేలకు ఎక్స్ఛేంజి అయినా రోజుకు 64 రూపాయలు తేలుతుంది. కొనే ముందు ఆ మోడల్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా చూడాలి. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8లకు ఏడేళ్లు ఇస్తామని వాటి కంపెనీలు ప్రకటించాయి. చవక ఫోన్లలో చాలావాటికి అంతకాలం ఉండదు. బ్యాంకింగ్ యాప్‌లు వాడే ఫోనుకు ఆ గడువే అసలు ఆయుష్షు.

వంటింటి వస్తువుల దగ్గర మోసపోయేది వాడే సార్ల అంచనాలో. ఓవెన్ కొనాలన్న ఉత్సాహంలో వారానికో కేకు అనిపిస్తుంది. గడిచిన మూడు నెలల్లో కేకు చేయాలని కుక్కర్‌తోనో, మూకుడులో ఇసుక పోసో ఎన్నిసార్లు తంటాలు పడ్డారు? ఒక్కసారీ లేకపోతే, కొన్నాక ఏడాదికి ఆరు దాటవు. 9 వేల ఓవెన్ ఐదేళ్లలో ముప్ఫైసార్లు వెలిగితే ఒక్కోసారికి 300. పిండి, వెన్న, కరెంటు దానికి అదనం. 6 వేల గ్రైండరు సంగతి వేరు. వారానికి రెండుసార్లు ఇడ్లీ, దోసె పిండి రుబ్బే ఇంట్లో పదేళ్లకు వెయ్యిసార్లు పైనే తిరుగుతుంది. బెల్టు, రిపేర్లకు 1,500 వేసుకున్నా ఒక్కో వాయికి ఏడున్నర రూపాయలు. 150 వాట్ల మోటారు అరగంట తిరిగితే కరెంటు యూనిట్‌లో పదో వంతు కూడా కాలదు.

అన్నిటికీ ఈ లెక్క కుదరదు. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరును వాడిన సార్లతో తూచలేం. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఫ్రిజ్‌కు "ఒకసారి వాడటం" అంటూ ఏమీ ఉండదు. దానికి స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, అది చూడాలి. రెండు మోడళ్లకు తేడా 60 యూనిట్లయితే, యూనిట్ 7 రూపాయల చొప్పున ఏడాదికి మిగిలేది 420. ఎక్కువ స్టార్లున్నదాని ధర 5 వేలు ఎక్కువైతే ఆ సొమ్ము తిరిగి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. ధరలో తేడా 2 వేలే అయితే ఐదేళ్లు చాలు.