రెండో విడత అడిగే మెయిల్ ఇలా రాయండి!

పెట్టుబడి ఒప్పందం కుదిరింది. మొదటి విడత రూ.1.2 కోట్లు ఖాతాలో పడ్డాయి. మిగిలిన రూ.80 లక్షలు రావాలంటే రెండు షరతులు పూర్తి చేయాలి. ఒకటి: ట్రేడ్‌మార్క్‌ను వ్యవస్థాపకుడి పేరు నుంచి కంపెనీ పేరుకు బదలాయించాలి. రెండు: సబ్‌స్క్రిప్షన్ ఆదాయం వరుసగా మూడు నెలలు రూ.10 లక్షలు తగ్గకూడదు. గడువు డిసెంబరు 31. మీదే ఈ స్టార్టప్ అనుకోండి. ఇన్వెస్టర్‌కి ఏం రాస్తారు?

చాలామంది మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: 'మైలురాళ్లు దాదాపు పూర్తయ్యాయి. మూడు నెలలుగా రూ.10 లక్షలు దాటుతున్నాం. త్వరగా నిధులు విడుదల చేయగలరు.'

చిక్కు ఎక్కడ?

మీ లెక్కల్లో జులై 10.2, ఆగస్టు 10.1, సెప్టెంబరు 10.8 లక్షలు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆగస్టులో రూ.50 వేలు ఓ కస్టమర్ ఒక్కసారి కట్టిన ఇన్‌స్టలేషన్ ఫీజు. ఒప్పందంలోని నిర్వచనం ప్రకారం అది సబ్‌స్క్రిప్షన్ కిందికి రాదు. తీసేస్తే ఆగస్టు 9.6 లక్షలే. అంటే వరుస తెగింది. సగటు తీస్తే పది దాటుతుంది కదా అనొద్దు, షరతు సగటు గురించి కాదు. ఇన్‌వాయిస్‌లు చూడగానే ఇన్వెస్టర్‌కి విషయం తెలిసిపోతుంది. ఆ తర్వాత మీ ప్రతి అంకెనూ అనుమానంగానే చూస్తారు.

సరిదిద్దితే..

'దాదాపు' తీసేసి, షరతులను ఒప్పందంలోని వరుసలో, అందులోని మాటలతోనే రాయండి.

'షరతు 1: పూర్తయింది. సెప్టెంబరు 12న బదలాయింపు పత్రంపై సంతకాలు చేశాం. ప్రతి జతచేశాం.

షరతు 2: పూర్తి కాలేదు. జులై 10.2, ఆగస్టు 9.6, సెప్టెంబరు 10.8 లక్షలు. ఆగస్టులో ఒక కస్టమర్ ప్లాన్ తగ్గించుకున్నారు. ఇన్‌స్టలేషన్ ఫీజు రూ.50 వేలు కలపలేదు.

నగదు: సెప్టెంబరు 30 నాటికి రూ.32 లక్షలు. నెలకు నికరంగా రూ.8 లక్షలు తగ్గుతోంది. జనవరి చివరి దాకా సరిపోతుంది.

మా అభ్యర్థన: ఆగస్టు లోటుకు రాతపూర్వక మినహాయింపు ఇవ్వండి. కుదరకపోతే సెప్టెంబరు నుంచి లెక్క మొదలుపెడతాం. నవంబరు ముగియగానే వివరాలు పంపుతాం. ఈ నెల 15లోపు మీ నిర్ణయం తెలిపితే ఖర్చులు ప్లాన్ చేసుకుంటాం.'

ఇప్పుడు ఇన్వెస్టర్ ముందు స్పష్టమైన ప్రశ్న ఉంది. ఒప్పుకోకపోయినా మీకు దారి ఉంది, గడువుకు నెల ముందే లెక్క తేలుతుంది.

'ఓకే' చాలదు

ఫోన్‌లో 'సరేలే, చూద్దాం' అన్నారని ఊరుకోకండి. మినహాయింపు ఎలా ఇవ్వాలో ఒప్పందంలో చూసుకుని, ఆ పద్ధతిలోనే రాయించుకోండి. డబ్బు అందిన రోజే జీతాలకు వాడేద్దామనీ అనుకోవద్దు. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన సొమ్ముకు 60 రోజుల్లోపు షేర్లు కేటాయించాలి. ఆ తర్వాత 15 రోజుల్లో పీఏఎస్-3 ఫారం దాఖలు చేయాలి. అది దాఖలయ్యే దాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. మెయిల్‌లో నగదు లెక్క రాసేటప్పుడు ఈ రోజులను కూడా కలుపుకోండి.