వీపు ముక్క చెప్పిన లెక్క

చికెన్ కొట్టు ముందు బోర్డు మీద మూడు రేట్లు రాసి ఉంటాయి: లైవ్, స్కిన్‌తో, స్కిన్‌లెస్. ఒకే కోడికి మూడు ధరలేమిటని చాలామంది ఆలోచించరు. నిజానికి అవి మూడు ధరలు కావు, ఒకే ధర. కోసే కొద్దీ బరువు తగ్గుతుంది, తగ్గిన బరువు మీద ఆ డబ్బే మళ్లీ పరుచుకుంటుంది. 2 కిలోల బ్రాయిలర్ కోడిని కోసి, ఈకలు, తల, కాళ్లు, పేగులు తీసేస్తే తోలుతో కలిపి 1,400 గ్రాముల పైచిలుకు మిగులుతుంది. తోలు కూడా తీస్తే 1,300 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే నూటికి 65. లైవ్ రేటు 150 రూపాయలు అనుకుంటే, దాన్ని 0.65తో భాగిస్తే 231 వస్తుంది. బోర్డు మీద స్కిన్‌లెస్ 245 ఉంటే, ఆ 14 రూపాయలు కోసిన చేతికీ కొట్టు అద్దెకూ పోతాయన్నమాట.

ఇంటికి ఒక కిలో కొనుక్కునేవాళ్లకు ఈ భాగహారం చాలు. రోజూ వండి అమ్మేవాళ్లకు మాత్రం అసలు ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది. నిండు కోళ్లు తెప్పించుకుని మనమే కోసుకోవాలా, కోసిన ముక్కలు కొనుక్కోవాలా? హోటల్ స్టోరు పనిలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్నకు కంటి అంచనాతో జవాబు చెప్పేవాళ్లనే ఎక్కువగా చూశాను. కంటి అంచనా ఎక్కడ తప్పుతుందో మా బావగారి కర్రీ పాయింట్‌లో ఒక పూట కూర్చుని తూచినప్పుడు బాగా తెలిసింది.

బావగారు మధ్యాహ్నం చికెన్ కూర, సాయంత్రం చికెన్ 65 అమ్ముతారు. 65కి బోన్‌లెస్ కిలో 400 చొప్పున, కూరకు ముక్కలు విడిగా కొనేవారు. తోలు తీసిన నిండు కోడి టోకున కిలో 230కి దొరుకుతుందని తెలిసినప్పటి నుంచి ఆయన మనసు అటే లాగుతోంది. "230కి దొరికేదాన్ని 400 పెట్టి కొంటున్నామంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు కాదట్రా?" అన్నారు. కోసి చూస్తే గానీ చెప్పలేను బావా అన్నాను.

మర్నాడు పది నిండు కోళ్లు తెప్పించాం. బిల్లులో బరువు 14 కిలోలు, చెల్లించింది 3,220 రూపాయలు. కత్తి పట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఎక్కువమంది దాన్నే వదిలేస్తారు. కోడిని కడిగి నీళ్లలోనో ఐసులోనో ఉంచుతారు కాబట్టి మాంసం కొంత నీరు పీలుస్తుంది, పొట్ట ఖాళీలోనూ నీరు నిలుస్తుంది. అందుకని పదింటినీ చిల్లుల ట్రేలో మెడ కిందికి వచ్చేలా నిలబెట్టి ఇరవై నిమిషాలు ఆగాం. తర్వాత మన కాటా మీద తూస్తే 13 కిలోల 600 గ్రాములు. 400 గ్రాముల నీటికి 230 లెక్కన డబ్బు కట్టామన్నమాట. ఈ తేడా బిల్లులో ఎక్కడా కనిపించదు. అందుకే పరీక్షలో బరువు మన కాటాదే తీసుకోవాలి, డబ్బు మాత్రం బిల్లులోదే తీసుకోవాలి. బిల్లు బరువుతోనే లెక్క నడిపితే ఈ నీరంతా చివర్లో కోత నష్టంగా తేలి, కోసినవాడి మీద అనుమానంగా మారుతుంది.

కోత మొదలయ్యే ముందే ఖాళీ గిన్నెలన్నీ తూచి, వాటి బరువు పక్కన రాసుకున్నాం. ఒక్కో రకానికి ఒక్కో గిన్నె. రెక్కలు ముందు తీశాడు కుర్రాడు, తర్వాత తొడ, కింది కాలు కలిసిన లెగ్గులు. చివరికి రొమ్ము ఎముక వెంట కత్తి ఆనించి రెండు వైపులా కండ విప్పాడు. మిగిలింది వీపు, మెడ, పక్కటెముకల గూడు. ఎర్రగా గడ్డకట్టిన నెత్తురు, పసుపుపచ్చ కొవ్వు, నరాల తునకలు వేరే గిన్నెలో వేశాడు. పారేసేదాన్ని కూడా తూచాలి.

బోన్‌లెస్ రొమ్ము కండ 4 కిలోల 300 గ్రాములు వచ్చింది. లెగ్గులు నాలుగున్నర కిలోలు. రెక్కలు 1 కిలో 300. వీపు, మెడ, గూడు కలిపి 3 కిలోల 100. పారేసేది పావు కిలో. అన్నీ కూడితే 13 కిలోల 450 గ్రాములు. మొదట తూచిన దానికీ దీనికీ 150 గ్రాముల తేడా. కత్తికీ చెక్కకూ అంటుకున్నది, కారిపోయిన రసం అందులో ఉంటాయి. నూటికి ఒకటి, ఒకటిన్నర దాకా ఆ తేడా సహజమే. మూడు, నాలుగు వచ్చిందంటే పరీక్ష చెల్లదు. నీరు పూర్తిగా కారకముందే తూచి ఉంటారు, లేదా గిన్నె బరువు తీసెయ్యడం మరిచిపోయి ఉంటారు, లేదా మాంసం ఎటో వెళ్లి ఉంటుంది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. 3,220ని 4 కిలోల 300 గ్రాముల బోన్‌లెస్‌తో భాగిస్తే కిలో 749 పడుతుంది. అది చూసి బావగారి ముఖం వాడిపోయింది. కానీ ఆ లెక్కలో లెగ్గులూ రెక్కలూ ఉచితంగా వచ్చినట్టు. అవి విడిగా కొంటే ఎంతయ్యేదో అంత మొత్తం లోంచి తీసెయ్యాలి. ఆ రోజు బజార్లో లెగ్గులు కిలో 270. నాలుగున్నర కిలోలకు 1,215. రెక్కలు 180 చొప్పున 234. సూప్ ఎముకలు 60 చొప్పున 186. అన్నీ కలిపి 1,635. 3,220లోంచి తీస్తే 1,585 మిగిలింది. దాన్ని 4.3తో భాగిస్తే మన బోన్‌లెస్ కిలో 369 పడింది.

కుర్రాడికి పది కోళ్లు కోయడానికి, చెక్క కడగడానికి గంట పట్టింది. అతని గంట కూలి 120. ఎలాగూ జీతం ఇస్తున్నాం కదా అని బావగారు దాన్ని కలపొద్దన్నారు. ఆ గంటలో ఉల్లిపాయలు కోసే మనిషి లేక ఇంకొకరిని పిలిచారు కాబట్టి కలిపాను. అలా కిలోకు 28 పెరిగి 397 అయింది.

397కీ 400కీ మూడు రూపాయలే తేడా, ఇంత శ్రమ ఎందుకని అనిపిస్తుంది. అయితే కొనే బోన్‌లెస్‌ని కూడా ఇలాగే తూచాలి కదా. 5 కిలోల ప్యాకెట్టు విప్పి నీరు వార్చి, అంచుల కొవ్వూ నరాలూ తీస్తే మిగిలింది 4 కిలోల 650 గ్రాములు. నూటికి 93. కాబట్టి 400 పెట్టి కొన్న బోన్‌లెస్ అసలు ధర కిలో 430. నిండు కోడి కిలోకు 33 రూపాయలు గెలిచింది. చాలామంది ఒక పక్కనే పరీక్షించి రెండో పక్క బిల్లు రేటును నమ్ముతారు. ఆ పొరపాటు ఎప్పుడూ కోసిన సరుకు వైపే మొగ్గుతుంది.

బావగారు సంతోషించారు గానీ, నా కళ్లు మూడు కిలోల వీపు ముక్కల గిన్నె మీదే ఉన్నాయి. కిలో 60 అని వాటికి విలువ కట్టాను. ఆ విలువ నిజం కావాలంటే అవి ఎక్కడో ఒకచోట వాడాలి. బావగారి దగ్గర సూప్ లేదు. కూరలో కలిపేద్దామన్నారు. మామూలు కూర ముక్కల్లో వీపు, మెడ ఉంటాయి నిజమే, కానీ పక్కన రొమ్ము ముక్కలు కూడా ఉంటాయి. రొమ్మంతా 65కి పోయాక కూరలో ఎముకే తగులుతుంది, నాలుగు రోజుల్లో పార్శిల్ తీసుకెళ్లేవాళ్లు అడుగుతారు. వాడకుండా పారేస్తే 186 రూపాయలు పోయినట్టే, అంటే బోన్‌లెస్ మీద కిలోకు 43. 397 కాస్తా 440 అవుతుంది, కొనే 430 కంటే ఎక్కువ. కోడి అదే, కత్తి అదే, వీపు ముక్క ఎక్కడికి పోతుందన్న దాన్ని బట్టి జవాబు తలకిందులైంది.

చివరికి ఆయన దారి దొరికించుకున్నారు. వీపు ముక్కల్ని అల్లం, మిరియాలతో సన్నటి సెగ మీద రెండు గంటలు మరిగించి, ఆ నీటితో మధ్యాహ్నం కూర పులుసు కలపడం మొదలుపెట్టారు. గ్రేవీ చిక్కబడింది, ముక్కల గిన్నెలో ఎముకలు తగ్గాయి.

లెగ్గుల విలువ కూడా ఇలాంటిదే. నేను 270 అన్నాను. బావగారు అంతకుముందు కూర ముక్కలు 250కి కొనేవారు, కాబట్టి ఆయనకు లెగ్గులు 270 విలువ చేస్తాయా అన్నది ఆలోచించాల్సిందే. 250గా కడితే బోన్‌లెస్ 418కి చేరుతుంది. అప్పటికీ 430 కంటే తక్కువే గనక నిర్ణయం మారలేదు. ఒక్కో విలువను కొంచెం తగ్గించి ఇలా తోసి చూడాలి. తోస్తే పడిపోయే లాభాన్ని నమ్ముకోకూడదు.

మరో హద్దు అమ్మకంలో ఉంది. పది కోళ్ల లెగ్గులు నాలుగున్నర కిలోలు, మామూలు రోజు కూరకు సరిపోతాయి. పండగ ముందు రోజు 65కి 9 కిలోల బోన్‌లెస్ కావాలంటే ఇరవైకి పైగా కోళ్లు కోయాలి. 9 కిలోల లెగ్గులు ఎవరు తింటారు? ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగిస్తే మళ్లీ రసం కారి బరువు పోతుంది. అందుకని కూరకు ఎన్ని లెగ్గులు చెల్లుతాయో అన్ని నిండు కోళ్లు, ఆ పైన కావాల్సిన బోన్‌లెస్ ప్యాకెట్టు. మేము ఈ మిశ్రమం దగ్గరే ఆగాం.

చికెన్ రేటు రోజూ మారుతుంది. శ్రావణంలో, కార్తీకంలో పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. రోజూ పది కోళ్లు తూచి కూర్చోలేం. కూలి కలపకముందు మన బోన్‌లెస్ 369 పడింది, కొన్న రేటు 230. భాగిస్తే 1.6. బావగారి గల్లా పక్క గోడ మీద ఆ అంకె రాసి పెట్టాను. నిండు కోడి రేటును 1.6తో గుణించి 28 కలిపితే మన ధర. ప్యాకెట్టు రేటును 0.93తో భాగిస్తే వాళ్ల ధర. కోడి 200కి దిగిన రోజు మనది 348. లెగ్గులూ రెక్కలూ కూడా కోడితో పాటే ఎక్కి దిగుతున్నంత కాలం ఇది పనికొస్తుంది.

కోడి సైజు మారితే మాత్రం అంకె మారుతుంది. చిన్న కోడిలో ఎముక పాలు ఎక్కువ, పెద్ద కోడిలో రొమ్ము కండ పాలు ఎక్కువ. మా అంకె 1,400 గ్రాముల కోడిది. సరఫరా మనిషి 1,100 గ్రాముల కోళ్లు తెస్తే మళ్లీ తూచాల్సిందే. కోసే కుర్రాడు మారినా అంతే, ఎందుకంటే కొత్త చేతిలో రొమ్ము ఎముక మీద కండ మిగిలిపోతుంది. గూడును వెలుతురుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఎముక పలచగా, అవతలి వెలుగు కనిపించేలా ఉంటే కోత బాగున్నట్టు. గులాబీ రంగులో దళసరిగా ఉంటే బోన్‌లెస్ గిన్నెలో పడాల్సిన కండ 60 రూపాయల గిన్నెలో పడిందని అర్థం.

మటన్‌కు కూడా గిన్నెలూ కాటా ఇవే. పొట్టేలు నిండుగా కొంటే గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. రాత్రంతా వేలాడదీసిన మాంసం తేమ ఆరి తెల్లారేసరికి తేలికవుతుంది, కాబట్టి కోసే ముందు ఇంకోసారి తూచాలి.

బావగారు ఇప్పుడు నెలకోసారి, సరుకు బాగా వచ్చిన రోజు ఒకటి, బాగోలేని రోజు ఒకటి చూసుకుని పరీక్ష చేస్తున్నారు. పోయిన నెల అంకె 1.6 నుంచి 1.7కి జరిగిందని ఫోన్ చేశారు. గూడు వెలుతురుకు పట్టి చూశారా బావా అని అడిగాను. చూసొస్తానని ఫోన్ పెట్టేశారు.