పదో తరగతి లెక్కల పరీక్ష: చేతిలో మిగిలేది 23 రోజులు

లెక్కల పరీక్షకు నెల రోజులు ఉన్నాయనగానే చాలా ఇళ్లలో ఒక టైంటేబుల్ గోడెక్కుతుంది. పుస్తకంలో 14 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఒక్కో అధ్యాయానికి రెండేసి రోజులు, చివరి రెండు రోజులు మొత్తం పునశ్చరణ. చూడటానికి ముచ్చటగా ఉండే ఈ పట్టికలో రెండు పెద్ద లోపాలున్నాయి. బాగా వచ్చిన వాస్తవ సంఖ్యలకూ, అసలు రాని త్రిభుజాలకూ సమానంగా సమయం ఇవ్వడం మొదటిది. ఆ నెలలోనే మిగతా పరీక్షలు కూడా ఉంటాయన్న సంగతి మరచిపోవడం రెండోది.

ముందు రెండో లోపం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదటి భాషతో మొదలయ్యాయి. లెక్కల పరీక్ష మార్చి 24న జరిగింది. దానికి సరిగ్గా 30 రోజుల ముందు, అంటే ఫిబ్రవరి 22న, ఒక విద్యార్థి చదవడం మొదలుపెట్టిందనుకోండి. లెక్కలకు ధారాళంగా సమయం దొరికేది మార్చి 16 వరకే. అంటే 23 రోజులు. మిగిలిన వారంలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు పరీక్షలు వస్తాయి కాబట్టి రోజుకు ముప్పావు గంట దొరికితే అదే ఎక్కువ. కనుక కొత్తగా నేర్చుకోవాల్సిందంతా 23వ రోజుకే పూర్తవ్వాలి. ఏ సంవత్సరమైనా టైంటేబుల్ వేసే ముందు పరీక్షల తేదీలు దగ్గర పెట్టుకుని ఈ లెక్క చూసుకోవాలి.

ఇక పేపరు. 100 మార్కులకు 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఛాయిస్ ఉండేది ఎనిమిది మార్కుల ప్రశ్నల్లోనే. అక్కడ ప్రతి ప్రశ్నకూ ‘లేదా’ అని ఇంకో ప్రశ్న ఇస్తారు. మిగతా 60 మార్కుల్లో ఛాయిస్ ఉండదు. ఏ అధ్యాయానికి ప్రాధాన్యం ఇవ్వాలో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఏ అధ్యాయాన్నైనా పూర్తిగా వదిలేస్తే చిన్న ప్రశ్నల్లో దెబ్బ తగులుతుంది. అందుకే ప్రతి అధ్యాయంలోనూ చిన్న లెక్కలు వచ్చి తీరాలి. పొడవైన నిరూపణల్లోనూ కష్టమైన పదసమస్యల్లోనూ మాత్రం కొన్నింటిని వదులుకోవచ్చు.

మొదటి లోపానికి మందు ప్రీ ఫైనల్ ఆన్సర్ షీట్‌లో దొరుకుతుంది. మొదటి రోజు పుస్తకం తెరవనక్కర్లేదు. దిద్ది ఇచ్చిన పేపరు ముందు పెట్టుకుని, పోయిన ప్రతి మార్కునూ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయాలి. లెక్క వచ్చీ పొరపాటు చేసినవి ఒక కుప్ప. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవి, సగం దారి తప్పినవి రెండో కుప్ప. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియనివి మూడోది.

ఉదాహరణకు ప్రీ ఫైనల్‌లో 48 మార్కులు వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పోయిన 52 మార్కుల్లో పొరపాట్ల వల్ల పోయినవి 11. సగం వచ్చి పోయినవి 24. త్రికోణమితి అనువర్తనాల్లో 6, మధ్యగతం లెక్కలో 6, అంకశ్రేఢుల్లో 5, గ్రాఫులో 4, వృత్తాలకు సంబంధించిన వైశాల్యాల్లో 3 అలా పోయాయి. అసలు తెలియక పోయినవి 17. అందులో త్రిభుజాల సిద్ధాంతానికి 8, వర్గ సమీకరణాల పదసమస్యకు 4, ఘనపరిమాణాలకు 4, ఇంకో చిన్న ప్రశ్నకు 1.

చాలామంది నేరుగా మూడో కుప్ప మీద పడతారు. రానిదాన్ని ముందు నేర్చుకోవాలనిపించడం సహజమే. కానీ నెల రోజుల్లో త్వరగా మార్కులు తెచ్చేది రెండో కుప్ప. ఆ లెక్కల్లో పద్ధతి సగం చేతిలోనే ఉంటుంది, తప్పు ఏ మెట్టు దగ్గర జరుగుతోందో పట్టుకుంటే చాలు. మధ్యగతం లెక్కే చూద్దాం. 0–10, 10–20, 20–30, 30–40, 40–50 తరగతులకు పౌనఃపున్యాలు వరుసగా 5, 8, 15, 16, 6 అనుకోండి. మొత్తం 50, అందులో సగం 25. సంచిత పౌనఃపున్యాలు 5, 13, 28, 44, 50. ఇందులో 25ను మొదట దాటింది 28 కాబట్టి మధ్యగత తరగతి 20–30. ఇంతవరకూ దాదాపు అందరూ సరిగ్గానే వస్తారు. సూత్రంలో వేయాల్సింది దానికి ముందు తరగతి సంచిత పౌనఃపున్యం, అంటే 13. అప్పుడు

మధ్యగతం = 20 + ((25 − 13) ÷ 15) × 10 = 28

మన విద్యార్థి 13 బదులు అదే వరుసలో ఉన్న 28 వేసింది. జవాబు 18 వచ్చింది. 20–30 తరగతిలో ఉండాల్సిన మధ్యగతం 18 ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోయేది. దీన్ని సరిచేయడానికి అధ్యాయమంతా మళ్లీ చదవనక్కర్లేదు. ఇలాంటి లెక్కలు నాలుగు చేసి, ప్రతిసారీ జవాబు మధ్యగత తరగతి లోపలే ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు రోజులు పంచుదాం. రోజుకు లెక్కలకు రెండు గంటలు అనుకుంటే, గంటన్నర ఆ రోజు అధ్యాయానికి, అరగంట పాతవాటికి. 2 నుంచి 4వ రోజు వరకు త్రికోణమితి. 30, 45, 60 డిగ్రీల విలువలు తడబడుతుంటే ఎత్తులు, దూరాల లెక్క ముందుకు సాగదు. అందుకే పరిచయ అధ్యాయానికి ఒక రోజు, అనువర్తనాలకు రెండు రోజులు. ఇక్కడ మార్కులు ఎక్కువగా పోయేది పటం దగ్గరే. నిమ్నకోణాన్ని నిలువు గీతకూ చూపు రేఖకూ మధ్య గుర్తిస్తారు. దాన్ని క్షితిజ రేఖ నుంచి కిందికి కొలవాలి. కాబట్టి ఒక రోజంతా లెక్క చేయకుండా, ప్రశ్న చదివి పటం మాత్రమే గీయడం మంచి సాధన. 5, 6 రోజుల్లో సాంఖ్యక శాస్త్రం, 7న గ్రాఫు, 8, 9 రోజుల్లో అంకశ్రేఢులు, 10న వృత్తాలు, వాటి వైశాల్యాలు. 11న గడియారం పెట్టుకుని ఒక పూర్తి పేపరు.

12 నుంచి మూడో కుప్ప. త్రిభుజాలకు నాలుగు రోజులు, ఎందుకంటే సరూపకత వస్తే థేల్స్ సిద్ధాంతంతోపాటు చిన్న ప్రశ్నలూ దారికొస్తాయి. 16, 17 రోజుల్లో వర్గ సమీకరణాలు, 18, 19 రోజుల్లో ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు. 20, 21 రోజులు వాస్తవ సంఖ్యలు, బహుపదులు, నిరూపక జ్యామితి, సంభావ్యతలకు. వీటిలో చిన్న ప్రశ్నలు ఎక్కువగా చేయాలి. 22న రెండో పూర్తి పేపరు, 23న అందులో తేలిన తప్పులు.

రోజూ పాతవాటికి ఇచ్చే ఆ అరగంట లేకపోతే 5వ రోజు నేర్చుకున్నది 22వ రోజుకు జారిపోతుంది. ఒక అధ్యాయం పూర్తయ్యాక మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు మరోసారి దాని నుంచి ఒక లెక్క చేయాలి. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద. చేసి ఉన్న లెక్కను చదువుతుంటే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. తర్వాతి మెట్టు మనమే రాయాల్సి వచ్చినప్పుడే వచ్చిందో రాలేదో తెలుస్తుంది. 11వ రోజు దాటాక ఈ అరగంటలో వేర్వేరు అధ్యాయాల లెక్కలు కలిపి చేయాలి. పరీక్షలో ప్రశ్న పక్కన అధ్యాయం పేరు ఉండదు కాబట్టి, ఈ లెక్క ఏ పద్ధతికి చెందుతుందో గుర్తుపట్టడం కూడా సాధన చేయాల్సిన పనే.

పూర్తి పేపరు రాసేటప్పుడు సమయం ఇలా పంచుకోవచ్చు. 3 గంటల 15 నిమిషాల్లో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికి. మిగతా 180 నిమిషాల్లో ఒక మార్కువాటికి 15, రెండు మార్కులవాటికి 30, నాలుగు మార్కులవాటికి 55, ఎనిమిది మార్కులవాటికి 70. అంటే పెద్ద ప్రశ్నకు 14 నిమిషాలు. చివర్లో 10 మిగులుతాయి. ఇంట్లో గ్రాఫుకు పావుగంట దాటుతుంటే కారణం వెతకాలి. చాలాసార్లు అది స్కేలు సరిగ్గా ఎంచుకోక రెండుసార్లు గీయడమే అవుతుంది. బిందువుల పట్టిక పూర్తిచేసి, అందులో పెద్ద, చిన్న విలువలు చూశాకే స్కేలు నిర్ణయించుకుంటే ఆ సమయం మిగులుతుంది.

పాత పేపర్లు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2024–25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. అంతకు ముందు పేపర్లలో కనిపించే సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢులు ఈ పుస్తకంలో లేవు. వాటిని కొట్టేసి మిగతావే చేయాలి. ఈ అధ్యాయం నుంచి పెద్ద ప్రశ్న తప్పకుండా వస్తుందన్న జాబితాల మీద టైంటేబుల్ కట్టుకోవడం కూడా ప్రమాదమే.

మరి పొరపాట్ల వల్ల పోయిన ఆ 11 మార్కులు? వాటికి వేరే రోజులు కేటాయించనక్కర్లేదు, ఒక చిన్న నోటుపుస్తకం చాలు. చేసిన ప్రతి పొరపాటునూ అందులో ఒక్క వాక్యంలో రాయాలి: ‘బ్రాకెట్ తీసేటప్పుడు మైనస్ గుర్తు మార్చలేదు’, ‘వ్యాసం ఇస్తే వ్యాసార్ధంగా వేశాను’. రెండు వారాలయ్యేసరికి అవే నాలుగైదు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. భాషల పరీక్షల వారంలో దొరికే ముప్పావు గంటలో చదవాల్సింది ఈ పుస్తకమూ, సూత్రాలూ. వీటితోపాటు రోజుకు రెండు లెక్కలు చేయాలి.

పాస్ అయితే చాలు అనే స్థితిలో ఉన్న విద్యార్థికి క్రమం మారుతుంది. కావాల్సింది 35. ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలే 28 మార్కులకు ఉన్నాయి. కాబట్టి మొదటి పది రోజులూ అన్ని అధ్యాయాల్లోని చిన్న లెక్కలకే ఇవ్వాలి. తర్వాత గ్రాఫు, సాంఖ్యక శాస్త్రం. ఈ రెండింట్లోనూ పద్ధతి ఎప్పుడూ ఒకటే. పట్టిక వేసి మధ్యలో ఆగినా స్టెప్ మార్కులు పడతాయి.

22వ రోజు పేపరు దిద్దాక మళ్లీ మూడు కుప్పలు వేయాలి. రెండో కుప్ప బాగా తగ్గితే టైంటేబుల్ పనిచేసినట్టే. నాలుగు రోజులు పెట్టినా థేల్స్ నిరూపణ ఇంకా మూడో కుప్పలోనే ఉంటే దాన్ని వదిలేయడం తెలివైన పని. ఎనిమిది మార్కుల్లో ఛాయిస్ ఉంది కదా. ఆ 23వ రోజును రెండో కుప్పలో మిగిలినవాటికి ఇస్తే, వచ్చే మార్కులు అక్కడే ఉన్నాయి.