వానాకాలంలో గొట్టానికి చెమట ఎందుకు?

మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు పొడిగా ఉన్న చన్నీటి గొట్టం ఆగస్టులో, వాతావరణం చల్లబడ్డాక, బొట్లు బొట్లుగా కారడం మొదలుపెడుతుంది. ఎండలో పట్టని చెమట వానలో ఎందుకు పడుతుంది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా రహదారి వెంట పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు కనిపిస్తాయి. ఇలాంటి భవనాలను ఒకేచోట నుంచి చల్లబరచాలంటే 'చిల్లర్' అనే యంత్రం నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లార్చి, ఇనుప గొట్టాల ద్వారా అంతస్తులకు పంపుతుంది. పంపులూ గొట్టాలూ ఉండే గది చాలాచోట్ల సెల్లార్‌లో ఉంటుంది. అక్కడ గాలి సరిగా ఆడదు, నేల తడిగా ఉంటుంది. గొట్టం మీద బొట్లు కడితే ఇనుము తుప్పు పడుతుంది. కింద ఉన్న విద్యుత్ పెట్టెల మీద నీరు పడితే ప్రమాదం కూడా.

గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత వద్ద అందులోని నీటి ఆవిరి బొట్లుగా మారుతుంది. దీన్ని తుషార స్థానం అంటారు. మే నెల మధ్యాహ్నం గాలి 40 డిగ్రీల వేడిగా ఉండి, తేమ 25 శాతమే ఉంటే తుషార స్థానం దాదాపు 16 డిగ్రీలు. వానాకాలంలో ఆ గదిలో గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే అది 26 డిగ్రీలు. గొట్టానికి తొడిగిన రబ్బరు పైభాగం ఈ తుషార స్థానం కంటే వెచ్చగా ఉంటే చాలు, చెమట పట్టదు.

మరి ఆ తొడుగు ఎంత మందం ఉండాలి? లెక్క కడదాం. తొడుగును అంటుకుని కదలని గాలి పొర ఒకటి ఉంటుంది. అదీ వేడిని అడ్డుకుంటుంది. నల్లని నైట్రైల్ రబ్బరు తొడుగు మీద ఈ పొర చేసే పని సుమారు 4 మి.మీ. రబ్బరు చేసే పనికి సమానం. గదికీ నీటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను ఈ పొర, రబ్బరు తమ మందాల నిష్పత్తిలో పంచుకుంటాయి.

వానాకాలంలో మొత్తం తేడా 30 – 7 = 23 డిగ్రీలు. తొడుగు పైభాగం 26 డిగ్రీలకు తగ్గకూడదు కనుక గాలి పొర వాటా 4 డిగ్రీలు, అంటే మిల్లీమీటరుకు ఒక డిగ్రీ. మిగిలిన 19 డిగ్రీలను రబ్బరు మోయాలి. కాబట్టి 19 మి.మీ. కావాలి. మే నెలలో గాలి పొరే 24 డిగ్రీలు మోయవచ్చు, మిల్లీమీటరుకు 6 చొప్పున. మిగతా 9 డిగ్రీలకు ఒకటిన్నర మి.మీ. చాలు! చల్లదనం వృథా కాకుండా ఉండటానికి ఇంతకంటే మందం అవసరమే కాని, చెమటకు మాత్రం అది చాలు.

ఇప్పుడు తేమ 80 నుంచి 90 శాతానికి పెరిగిందనుకోండి. తుషార స్థానం 28 డిగ్రీలవుతుంది. గాలి పొర వాటా 2 డిగ్రీలే. రబ్బరు 21 డిగ్రీలు మోయాలి. మిల్లీమీటరుకు అర డిగ్రీ చొప్పున 42 మి.మీ. కావాలి. తేమ కొద్దిగా పెరిగితే మందం రెట్టింపు దాటింది! అందుకే మందం ఎంచుకునేవారు ఎండాకాలపు ఉష్ణోగ్రతను కాదు, గదిలో వానాకాలపు తేమను చూడాలి.

ఈ లెక్క చదునైన పలకకు సరిపోతుంది. గుండ్రని గొట్టానికి బయటి వైశాల్యం ఎక్కువ కనుక కొంత తగ్గుతుంది. 114 మి.మీ. వ్యాసం గల గొట్టానికి 19కి బదులు 17, 42కి బదులు 34 మి.మీ. చాలు. బజారులో దొరికే 19 మి.మీ. తొడుగు మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికి అలాంటివి రెండు పొరలు వేయాలి.

అందంగా ఉంటుందని తొడుగు మీద మెరిసే అల్యూమినియం రేకు చుడితే ఏమవుతుంది? గోడల నుంచి వచ్చే వికిరణాన్ని రేకు వెనక్కి కొడుతుంది. పైభాగానికి చేరే వేడి తగ్గి, అది మరింత చల్లబడుతుంది. అప్పుడు గాలి పొర సుమారు 6 మి.మీ. రబ్బరుతో సమానం. 80 శాతం తేమలోనే ఆ గొట్టానికి 17కి బదులు 24 మి.మీ. కావాలి.

మందం సరిపోయినా అతుకు విడిస్తే లాభం లేదు. ఆవిరి సందులోంచి లోపలికి పోయి ఇనుము మీద నీరవుతుంది. నీరు రబ్బరు తొడుగు కంటే సుమారు 16 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక తడిసిన తొడుగు పనికిరాదు. గొట్టాన్ని పట్టే ఇనుప బిగింపు నేరుగా గొట్టానికి తగిలినా అక్కడ బొట్లు కడతాయి. కాబట్టి కారుతున్న చోటును గమనించాలి. పొడవునా సమంగా చెమర్చితే మందం చాలలేదన్నమాట; అతుకుల దగ్గరో, బిగింపుల దగ్గరో మాత్రమే కారితే లోపం అక్కడే ఉంది.

తుషార స్థానాన్ని మీరే కొలవవచ్చు. మెరిసే స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటరు ఉంచి, చిన్న మంచు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. గ్లాసు మీదికి ఊపిరి తగలనివ్వకండి. బయట మసక కమ్మిన క్షణాన థర్మామీటరు ఎంత చూపిందో, అదే మీ గదిలోని తుషార స్థానం. గది ఉష్ణోగ్రత కూడా చూసి, 7 డిగ్రీల నీటి గొట్టానికి ఎన్ని మిల్లీమీటర్ల రబ్బరు కావాలో లెక్కించండి. వాన పడిన రోజు మళ్లీ కొలవండి.