అయిదు మామిడిపళ్ళకు ఏడు తూకాలు

మీ ముందు అయిదు మామిడిపళ్ళు, ఒక త్రాసు ఉన్నాయి. తూకపు రాళ్ళు మాత్రం లేవు. చెరో పళ్ళెంలో ఒక్కో పండు పెట్టి ఏది బరువో చూడటం తప్ప మరో దారి లేదు. ఏ రెండు పళ్ళూ సమానంగా తూగవనుకుందాం. వాటిని తేలికదాని నుంచి బరువుదాకా వరుసగా పేర్చాలి. ఎన్ని తూకాలు పడతాయి?

ప్రతి జతనూ తూస్తే 10. కాస్త ఆలోచిస్తే 8కి దింపవచ్చు, ఇంకా ఆలోచిస్తే 7కి. ఇక అక్కడితో సరి. ఎంత తెలివైనవాళ్ళు వచ్చినా 6 తూకాలతో ఈ పని ఎప్పుడూ పూర్తవుతుందని హామీ ఇవ్వలేరు. ఇంతవరకూ ఎవరికీ దారి తట్టలేదని కాదు, అసలు దారే లేదని రుజువు చేయవచ్చు. ఇంకా పుట్టని పద్ధతులకు కూడా ముందే హద్దు గీసే రుజువు ఇది. నాకు తెలిసిన గణిత వాదనల్లో ఇంత తక్కువ సరుకుతో ఇంత దూరం వెళ్ళేవి అరుదు.

అయిదు పళ్ళను పేర్చే వరుసలు 5×4×3×2×1, అంటే 120. వాటిలో ఒకటే నిజమైనది, అది ఏదో మనకు తెలియదు. తూచే పద్ధతి ఏదైనా సరే, కాగితం మీద చెట్టులా గీయవచ్చు. మొదటి తూకం మొదలు. ఎడమ పళ్ళెం దిగితే ఒక కొమ్మ, కుడి పళ్ళెం దిగితే మరో కొమ్మ. ఒక్కో కొమ్మ చివర తర్వాత ఏ రెండింటిని తూయాలో రాసి ఉంటుంది, అక్కడ మళ్ళీ రెండు కొమ్మలు. ఇక తూయక్కర్లేదన్న చోట ఒక ఆకు, ఆ ఆకు మీద జవాబుగా ఒక వరుస. కంప్యూటర్ శాస్త్రంలో దీన్నే డెసిషన్ ట్రీ అంటారు.

ఇప్పుడు ఆకులు లెక్కపెడదాం. రెండు వేర్వేరు వరుసలు ఒకే ఆకు దగ్గరికి చేరాయంటే, ఆ రెండు సందర్భాల్లోనూ త్రాసు మనకు అవే జవాబులు చెప్పిందన్నమాట. ఆకు మీద ఉన్నది ఒక్క వరుసే కాబట్టి, రెండింటిలో ఒకదానికి అది తప్పు జవాబు అవుతుంది. అందుకని తప్పు చేయని పద్ధతికి కనీసం 120 ఆకులు ఉండాలి. ఒక తూకంతో గరిష్ఠంగా 2 ఆకులు, రెండింటితో 4, మూడింటితో 8. ఆరు తూకాలతో 64 మాత్రమే, 120కి చాలవు. ఏడుతో 128 వస్తాయి, సరిపోతాయి.

సరిపోతాయి కదా అని పని అయిపోయినట్టు కాదు. ఎనిమిది ఆకులే మిగులు, కనుక ప్రతి తూకమూ మిగిలిన వరుసలను దాదాపు సగానికి చీల్చాలి. పళ్ళకు క, చ, ట, త, ప అని పేర్లు పెడదాం. మొదట రెండు జతలను తూస్తాం. క కంటే చ బరువని, ట కంటే త బరువని తేలిందనుకోండి. 120 వరుసలు 60కి, 60 నుంచి 30కి దిగాయి. మూడో తూకం గెలిచినవాటి మధ్య, చ, త ల మధ్య. త బరువుగా తేలితే క, చ, త అనే గొలుసు వచ్చింది. ట ఎక్కడ ఉన్నా త కంటే కిందే. మిగిలినవి 15 వరుసలు.

అసలు పరీక్ష నాలుగో తూకంలో ఉంది. ఇంతదాకా ముట్టుకోని ప ను అన్నిటికంటే బరువైన త తో తూయాలని చేయి లాగుతుంది. అలా తూస్తే ఆ 15 వరుసలు 3, 12గా చీలతాయి. మన అదృష్టం బాగోక 12 మిగిలితే, వాటిని తేల్చడానికి మరో నాలుగు తూకాలు కావాలి, మూడింటికి 8 ఆకులే కదా. మొత్తం 8 అవుతుంది. అదే ప ను గొలుసు మధ్యలో ఉన్న చ తో తూస్తే 15 కాస్తా 8, 7గా చీలతాయి. ఎటు పడినా మూడు తూకాలు చాలు. ఒకదాంతో ప గొలుసులో తన చోటుకు చేరుతుంది. మిగిలిన రెండింటితో ట కు చోటు దొరుకుతుంది, ఎందుకంటే త కింద అప్పటికి పోల్చాల్సినవి మూడుకు మించి ఉండవు. నడిమిదానితో ఒకసారి, దానికి అటో ఇటో ఇంకోసారి తూస్తే చాలు. మొత్తం ఏడు.

ఇదే లెక్కను పెద్ద సంఖ్యలకు తీసుకువెళ్దాం. 10 లక్షల పేర్లను సార్ట్ చేయాలంటే వరుసల సంఖ్య 1 నుంచి 10 లక్షల దాకా అన్ని అంకెల లబ్ధం. అందులో పై సగాన్నే చూడండి. అక్కడ 5 లక్షల సంఖ్యలు, ప్రతిదీ 5 లక్షలకు మించినదే. 1ని పద్దెనిమిది సార్లు రెట్టింపు చేసినా 2,62,144 దగ్గరే ఆగుతాం. ఒక పోలిక ఆకులను ఒక్కసారే రెట్టింపు చేస్తుంది కనుక, పై సగంలోని ఒక్కో సంఖ్యకూ 18కి పైగా పోలికలు చెల్లించాలి. అంటే అక్కడికే 90 లక్షలు దాటింది. n log n అన్న మాట పుట్టేది ఇక్కడే. log అంటే 1ని ఎన్నిసార్లు రెట్టింపు చేస్తే n అవుతుందన్న లెక్క. n వస్తువుల్లో సగం, ఒక్కోదానికీ log n కు కాస్త తక్కువ. ఇది మోటు లెక్క. నిక్కచ్చిగా చూస్తే ఆకుల హద్దు 1,84,88,885 పోలికలు.

1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రూపొందించిన మెర్జ్ సార్ట్ ఎంత గడ్డు సందర్భంలోనైనా 1,89,51,425 పోలికలతో ఆ 10 లక్షల పేర్లనూ పేరుస్తుంది. హద్దుకు రెండున్నర శాతం దూరం. ప్రతి జతనూ పోల్చే పద్ధతికి దాదాపు 50 వేల కోట్లు కావాలి.

అయితే హద్దు ఉన్నంత మాత్రాన దాన్ని అందుకోగలమన్న హామీ లేదు. 12 వస్తువులకు వరుసలు 47,90,01,600. ఆకుల లెక్క 29 పోలికలు చాలవచ్చు అంటుంది. 1965లో మార్క్ వెల్స్ కంప్యూటర్‌తో వెతికించి, 29తో పని జరగదని, 30 కావాల్సిందేనని తేల్చారు. కొమ్మలు ఎప్పుడూ సరిగ్గా సగానికి చీలే తూకాలు దొరకవు మరి. ఇంకో మాట, ఈ హద్దు అన్ని సందర్భాలకూ పనికొచ్చే పద్ధతి మీద. పేర్లు ముందే వరుసలో ఉంటే పక్కపక్కవాటిని ఒక్కసారి పోల్చుకుంటూ పోయి, సరిగ్గా ఉన్నాయని 9,99,999 పోలికల్లోనే చెప్పేయవచ్చు.

మరి పోలికలే మానేస్తే? 000000 నుంచి 999999 దాకా నంబర్లున్న 10 లక్షల టికెట్లు కలగాపులగంగా ఉన్నాయనుకోండి. పది డబ్బాలు పెట్టుకుని చివరి అంకెను బట్టి ఒక్కో టికెట్‌నూ డబ్బాలో వేసి, క్రమం చెడకుండా డబ్బాలన్నీ ఒకచోట చేర్చి, తర్వాత దానికి ముందున్న అంకెతో మళ్ళీ అదే పని చేస్తాం. ఇలా ఆరు విడతలు. ఏ రెండు టికెట్లనూ పోల్చలేదు, కానీ వరుస వచ్చేసింది. దీన్ని రాడిక్స్ సార్ట్ అంటారు. ఒక్కో టికెట్‌ను ఆరుసార్లు చూశాం, మొత్తం 60 లక్షల చూపులు. కోటీ 84 లక్షల కంటే చాలా తక్కువ.

ఆకుల లెక్క ఓడిపోయిందని అనిపిస్తుంది గానీ, మారింది చెట్టే. పోలిక జవాబు రెండు రకాలు, అంకె జవాబు పది రకాలు. అందుకే ఇక్కడ ఒక్కో చూపుకూ పది కొమ్మలు చీలతాయి, ఆకులు పదిరెట్లు పెరుగుతాయి. వరుసల సంఖ్య మాత్రం మునుపటిదే. ఆ పదికొమ్మల చెట్టుకూ అన్ని ఆకులు రావాలంటే దాదాపు 55 లక్షల 66 వేల చూపులు తప్పవు. రాడిక్స్ సార్ట్ తీసుకున్నది 60 లక్షలు.