మడత ఎక్కడ మెరుస్తుంది?

శాటిన్ అనేది దారం పేరు కాదు, నేత పేరు. పట్టుతోనూ నేస్తారు, పాలిస్టర్‌తోనూ నేస్తారు. మామూలు నేతలో పడుగు పోగు ఒక పేక మీదుగా, మరో పేక కిందుగా పోతుంది. శాటిన్‌లో అదే పోగు నాలుగు పేకల మీదుగానో, ఏడింటి మీదుగానో తేలుతూ పోయి ఒక్కదాని కిందికి దిగుతుంది. ఆ దిగే చోట్లు ఒకదాని పక్కన ఒకటి పడకుండా దూరదూరంగా సర్దుతారు. దాంతో పైన మిగిలేది పక్కపక్కనే పడుకున్న నున్నని పోగులే. పడ్డ వెలుతురు చెదిరిపోకుండా చాలావరకు ఒకే వైపుకు తిరిగి వస్తుంది. అదే బట్టను తిరగేసి చూస్తే వెనుక వైపు వెలవెలబోతూ ఉంటుంది.

శాటిన్ పావడా మడతను దీపం దగ్గర గమనిస్తే, దీపానికి ఎదురుగా ఉన్న మిట్ట మీద తెల్లని గీత మెరుస్తుంది, ఆ పక్కనే రంగు ఒక్కసారిగా ముదురుతుంది. ఒంటి మీద కూడా ఇంతే. ఉబ్బిన ప్రతిచోటా మెరుపు చేరి ఆ ఉబ్బును చాటుతుంది. బిగుతుగా కుట్టిన శాటిన్ జాకెట్టులో చిన్న కుట్టు ముడత కూడా దాగదు. పోగులు అంత పొడవున తేలుతున్నాయి కాబట్టి గాజుల అంచు తగిలినా లేచిపోతాయి.

మఖమల్ దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని చాలావరకు రెండు బట్టలు ఎదురెదురుగా ఒకేసారి నేసి, రెంటినీ కలుపుతున్న పోగులను మధ్యలో కత్తితో కోసి విడదీస్తారు. తెగిన కొసలు పచ్చికలా నిలబడతాయి. ఎదురుగా నిలబడి చూసేవారికి కనిపించేది ఈ కొసలూ వాటి మధ్యనున్న సందులూ. ఆ సందుల్లోకి దిగిన వెలుతురు అంత తేలిగ్గా బయటికి రాదు, అందుకే అక్కడ రంగు చిక్కగా, నలుపుకు దగ్గరగా ఉంటుంది. మడత అంచు దగ్గర మాత్రం పోగుల పక్కలు కంటికి కనిపిస్తాయి, వెలుతురు వాటిని తాకి వస్తుంది. కాబట్టి శాటిన్ మడత మిట్ట మీద మెరిస్తే, మఖమల్ మడత అంచున మెరుస్తుంది.

ఈ నూగు నిటారుగా ఉండదు, ఒక వైపుకు కాస్త వాలి ఉంటుంది. చేత్తో ఒక దిక్కున నిమిరితే నున్నగా, ఎదురు దిక్కున గరగరగా తగులుతుంది. టైలర్లు తడబడేది ఇక్కడే. మెరూన్ మఖమల్ జాకెట్టు కుడుతూ గుడ్డ మిగుల్చుకుందామని ముందు ముక్కల్ని ఒక వైపుకూ, వీపు ముక్కను తలకిందులుగానూ కత్తిరించారనుకుందాం. టేబుల్ మీద తేడా తెలియదు. తొడుక్కుని నిలబడగానే నూగు కిందికి వాలిన ముందు భాగం లేతగా, పైకి వాలిన వీపు ముదురుగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు తానులని చూసినవారు అనుకుంటారు. విప్పి మళ్లీ కుట్టినా లాభం లేదు, ముక్క మార్చాల్సిందే. అందుకే మఖమల్‌కు గుడ్డ కాస్త ఎక్కువ తీసుకుంటారు. పైనుంచి ఇస్త్రీ పెట్టినా నూగు అణిగి నిగనిగలాడే మచ్చ పడుతుంది. మరో మఖమల్ ముక్క మీద బోర్లా వేసి, వెనుక నుంచి ఆవిరి పట్టాలి.

బ్రోకేడ్‌లో ఈ ఆట అంతా ఒకే బట్టలో జరుగుతుంది. నేల పడుగు పోగుల నిగనిగతో ఉంటే, పువ్వు అడ్డంగా వచ్చే జరీ పేకతో లేస్తుంది. పోగుల దిక్కు వేరు కాబట్టి నడిచే మనిషి ఒంటి మీద ఒక క్షణం నేల వెలిగితే, మరుక్షణం పువ్వు వెలుగుతుంది. దిక్కులకు రంగులు కూడా తోడైతే ఏమవుతుందో ధర్మవరం పట్టుచీరల్లో చూడొచ్చు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసిన నెమలికంఠం చీర కదిలినప్పుడల్లా నీలం ఆకుపచ్చలోకి జారుతుంది. అసలు జరీలో సన్నగా సాగదీసిన వెండి రేకును పట్టుదారానికి చుట్టి బంగారు పూత పూస్తారు. గుండ్రని దారం చుట్టూ తిరిగిన రేకు కాబట్టి మెరుపు పొడిపొడిగా, మెత్తగా వస్తుంది. చాలా జాకార్డు బుటాల్లో పువ్వుకు అక్కర్లేని జరీ వెనుక వదులుగా వేలాడుతుంది. లైనింగ్ లేకపోతే ఉంగరానికి చిక్కుకుని పువ్వంతా లాగుకుపోతుంది.

చమ్కీకి నేతతో పని లేదు. ప్రతి బిళ్లా ఒక చిన్న అద్దం, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌ది. ఒకే కుట్టుతో వదులుగా ఉన్న బిళ్ల ఊగుతూ తళుక్కుమంటుంది, చుట్టూ బిగించినది పలకలా మెరిసి ఊరుకుంటుంది. కుట్టు పడే చోట బిళ్లల్ని ముందే తీసేయాలి, లేకపోతే మిషను సూది విరుగుతుంది. ఇస్త్రీపెట్టె తగిలితే ముడుచుకుపోతాయి.

ఈ నాలుగింటిలో దేన్నీ షాపులో గల్లా మీద పరచి చూసి కొనకండి. భుజం మీద నిలువుగా వేసుకుని, ఒకసారి ట్యూబులైటు కింద, ఒకసారి గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, అటూ ఇటూ తిరిగి చూడండి.