ఎర్రబడ్డ ఊచ, నూనె పట్టిన ఊచ

కాకినాడలో మా వీధి చివర ఒకాయన ఇల్లు కడుతున్నాడు. వేసవిలో ధర కాస్త తగ్గిందని స్లాబుకు కావాల్సిన ఇనుమంతా ఒకేసారి దింపించుకున్నాడు. ఈలోపు వానలు పట్టుకున్నాయి, మేస్త్రీ వేరే పని ఒప్పుకున్నాడు, స్లాబు కాస్తా దీపావళి దాటింది. ఒక పొద్దున మా ఇంటికొచ్చి, "అన్నా, ఊచలన్నీ ఎర్రగా తుప్పు పట్టేశాయి. పాత ఇనుప కొట్టుకి వేసేయమంటావా?" అన్నాడు. స్లాబుల లెక్కలు చూడటమే నా పని కాబట్టి ఆయన వెంట నడిచాను.

అక్కడ రెండు కుప్పలున్నాయి. 10 ఎంఎం ఊచలు దుంగల మీద ఎత్తుగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పారు. 8 ఎంఎంవి ఇసుక పక్కన నేలమీదే పడున్నాయి. రంగు చూస్తే రెండూ ఒకటే ఎరుపు. పై కుప్పలోంచి ఒక ఊచ లాగి గోనెపట్టాతో గట్టిగా రుద్దితే పట్టాకి కావిరంగు అంటింది, కింద ఇనుము గట్టిగానే ఉంది, గాట్లు పదునుగానే ఉన్నాయి. నేలమీది దాన్ని సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. పొరలు పొరలుగా రాలింది. రాలినచోట అమ్మవారు పోసిన మచ్చల్లా గుంటలు.

మొదటి రకం తుప్పుకి భయపడక్కర్లేదు. అది పలచగా, ఇనుముని అంటిపెట్టుకుని ఉంటుంది. దానివల్ల ఊచ పైభాగం కొంచెం గరుకెక్కి సిమెంటు పట్టు ఒక పిసరు పెరిగినా పెరుగుతుంది. పైగా కాంక్రీటు బాగా క్షారగుణం ఉన్న పదార్థం. అందులో కూరుకున్న ఊచ చుట్టూ కంటికి కనపడని రక్షణ పొర ఏర్పడి, తుప్పు ముందుకు సాగకుండా ఆగిపోతుంది. రాలిపోయే తుప్పు సంగతి వేరు. కాంక్రీటు ఆ పొరని పట్టుకుంటుంది, పొర ఊచని పట్టుకోదు. గుంటలు పడితే ఊచ ఆ మేరకు సన్నబడ్డట్టే. పైగా మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ఆ గుంటల్లో ఉప్పు దాగుంటే స్లాబు పోశాక కూడా రక్షణ పొరని లోపల్నుంచి తినేస్తుంది.

ఎంత సన్నబడిందో కంటితో తేల్చలేం. తూకం వేయాలి. 8 ఎంఎం ఊచ మీటరుకి 395 గ్రాములు తూగాలి. ఒక్కో ముక్కలో 8 శాతం వరకు తరుగుని ఐఎస్ 1786 ప్రమాణం ఒప్పుకుంటుంది, అంటే 363 గ్రాముల దాకా. నేలమీది కుప్పలో వేర్వేరు చోట్ల నుంచి మూడు మీటరు ముక్కలు కోయించి, వైరు బ్రష్షుతో తోమించి, పక్కనే ఉన్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టాం. 381, 376, 344. మూడోది కుప్ప అడుగున తడి ఇసుకలో నానినది. దానిలో దాదాపు 13 శాతం ఇనుము మాయమైంది. అడుగు వరసా, గుంటలు కనపడ్డ ఊచలూ పక్కన పెట్టించాం. మిగతావి బ్రష్షు కొట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలన్నాను. మొత్తం పారేయాల్సి వస్తుందనుకున్నవాడు పాతిక ఊచలతో బయటపడ్డాడు.

అసలు ఊచకి కాంక్రీటు ఎందుకంత గట్టిగా అతుక్కోవాలి? స్లాబు మీద బరువు పడితే గదిమధ్యలో అడుగుభాగం సాగాలని చూస్తుంది. సాగడం కాంక్రీటుకి చేతకాదు, పగులుతుంది. ఆ లాగుడుని ఊచ తీసుకోవాలి. కాంక్రీటులో ఊచ జారిపోతే అది లోపల ఉన్నా లేనట్టే. సిమెంటు అతుకు, రాపిడి కొంతవరకే ఆపుతాయి. ఆ తర్వాత మోసేవి గాట్లే. ఒక్కో గాటు ఎదురుగా ఉన్న కాంక్రీటుకి ఆనుకుని నిలబడుతుంది.

పాత ఇళ్లు కూల్చేటప్పుడు గమనించండి. నున్నటి ఊచల చివర్లు కొక్కెంలా వంచి ఉంటాయి. గాట్లు లేవు కనక జారకుండా ఆ ఏర్పాటు. మన ఐఎస్ 456 లెక్క ప్రకారం గాట్ల ఊచకి పట్టు నున్నటి దానికంటే 60 శాతం ఎక్కువ. ఎం20 కాంక్రీటులో, 500 గ్రేడు ఊచ తన బలమంతా చూపించాలంటే దాని మందానికి సుమారు 57 రెట్ల పొడవు కాంక్రీటులో ఉండాలి. 8 ఎంఎంకి ఇది 456 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర. ఊచకి ఊచ జత చేసేచోట లాపు కూడా అంత ఉండాలి. అదే గాట్లు అరిగి నున్నబడిన ఊచైతే ఆ పొడవు 725 మిల్లీమీటర్లకు పోతుంది, దగ్గర దగ్గర రెండున్నర అడుగులు. మేస్త్రీ మాత్రం అలవాటు చొప్పున అడుగున్నరే వేస్తాడు.

గాట్లు ఎందుకరుగుతాయి? మిల్లులో ఊచ మీద గాట్లు నొక్కే రోళ్లు అరిగిపోయినా మార్చకపోతే ఊచ మీద గాటు ఎత్తు తగ్గుతుంది. కొనేటప్పుడు బొటనవేలి గోరు ఊచ పొడవునా లాగండి. ప్రతి గాటు దగ్గరా ఠక్కున ఆగాలి. గోరు జారిపోతే ఆ సరుకు వద్దు. ఊచ మీద తయారీదారు పేరు, గ్రేడు ఉబ్బెత్తుగా ఉంటాయి, అవీ చదవగలిగేలా ఉండాలి.

ఇంకో పని, లెక్కపెట్టడం. 8 ఎంఎం ఊచ 12 మీటర్లకు 4.74 కిలోలు. టన్నుకి 211 ఊచలు రావాలి. లాట్ మొత్తం మీద 7 శాతం తేడాకి వీలుంది కాబట్టి 226 దాకా ఒప్పుకోవచ్చు. 235 దిగాయంటే ఎక్కువొచ్చాయని సంబరపడకండి, ప్రతి ఊచా సన్నం. ఇంజనీరు అయిదంగుళాలకొక 8 ఎంఎం ఊచ అని గీస్తే, మీ స్లాబులో అదే దూరంలో సన్న ఊచ పడుతుంది. గ్రేడు విషయంలో మామూలు ఇంటికి నా ఓటు 500డి కే. ఆ 'డి' ఉన్న ఊచ తెగేలోపు ఎక్కువ సాగుతుంది. కనీసం 16 శాతం సాగాలని ప్రమాణం, మామూలు 500కి 12 చాలు. 550 అంటే ఎక్కువ కదా అని డ్రాయింగులో లేనిది కొనకండి.

స్లాబు పోసేముందు రోజు ఆయన మళ్లీ పిలిచాడు. ఊచలన్నీ అల్లేశారు. కొత్త రేకుల సెంట్రింగు, దానికి నూనె రాయడం మరిచారట. ఒక కుర్రాడు ఊచల సందుల్లోంచి గుడ్డతో వాడేసిన ఇంజను ఆయిలు పూస్తున్నాడు. గుడ్డ తగిలిన ప్రతి ఊచా నల్లగా మెరుస్తోంది. ఎర్రటి ఊచలు చూసి నిద్రపోని మనిషి ఈ నల్లటి వాటిని చూసి ఏమీ అనలేదు. నూనె పట్టిన ఊచకి సిమెంటు అంటదు. ఇదే అసలు ప్రమాదం.

"సిమెంటు పాలు కొట్టేస్తాం సార్, సరిపోద్ది" అన్నాడు మేస్త్రీ. సరిపోదు. నూనె మీద సిమెంటు పాలు పట్టవు. శుభ్రమైన ఊచ మీద కొట్టినా రాత్రికి ఎండి, మర్నాడు కాలు తగిలితే పెచ్చులుగా లేస్తాయి. కుర్రాణ్ణి ఆపి, నూనె తగిలిన ఊచలు గుర్తుపెట్టి, కట్లు విప్పించి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగించాం. ఊచల కింద చిన్న కంకర రాళ్లు పెట్టి ఉన్నాయి, వాటినీ తీయించి 20 ఎంఎం కవర్ బ్లాకులు పెట్టించాం. ఉప్పుగాలికి బయటపడి ఉండే సన్‌షేడ్లకి ఆ మందం చాలదు, వాటికి డిజైనులో ఉన్న పెద్ద బ్లాకులే పెట్టాలి. పని తెమిలేసరికి చీకటి పడింది. పొద్దున ఆరింటికి రావాల్సిన మిల్లరుని తొమ్మిదింటికి రమ్మని మేస్త్రీ ఫోను చేశాడు.